గీజర్ వేయగానే బ్రేకర్ పడిపోతోందా? ఎలిమెంట్, థర్మోస్టాట్ పరీక్షించే సరైన పద్ధతి

ఎండాకాలమంతా వాడని గీజర్‌ను కార్తీక మాసంలో మొదటిసారి ఆన్ చేస్తే బ్రేకర్ పడిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. పైకి లేపి మళ్లీ స్విచ్ వేస్తే మళ్లీ పడుతుంది. మెకానిక్ వచ్చి ఎలిమెంట్‌కు మీటర్ పెట్టి, "ఎలిమెంట్ బాగానే ఉందండీ, థర్మోస్టాట్ పోయింది" అని కొత్తది వేసి వెళ్తాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే గొడవ.

ఎలిమెంట్ రెండు కొనల మధ్య కొలిస్తే అది వేడెక్కుతుందా లేదా అన్నది మాత్రమే తెలుస్తుంది. బ్రేకర్ ఎందుకు పడుతోందో తెలియాలంటే ఎలిమెంట్ కొనకూ ట్యాంకు లోహానికీ మధ్య కొలవాలి. ఈ రెండో కొలత తీసుకోకపోవడం వల్లే బాగున్న థర్మోస్టాట్లు చెత్తబుట్టలోకి పోతున్నాయి. నిజానికి థర్మోస్టాట్ అనేది నీళ్లు వేడెక్కగానే కరెంటు ఆపేసే ఒక స్విచ్ మాత్రమే. అది పాడైతే నీళ్లు కాగవు, లేదా మరీ కాగిపోతాయి. బ్రేకర్ పడటానికి అది కారణమయ్యేది అరుదు. ఆ అరుదైన సందర్భాలేమిటో కూడా కింద చెబుతాను.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది గోడకు నిలువుగా బిగించే 15 లీటర్ల, 2000 వాట్ల స్టోరేజీ గీజర్. 25 లీటర్లదైనా, 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరైనా పరీక్ష పద్ధతి ఇదే. వాట్లు మారితే అంకెలు మారతాయి, అంతే.

## 1. పడింది ఏ బ్రేకరో ముందు చూడండి

బ్రేకర్ల పెట్టె మూత తీసి, ఏ మీట కిందికి దిగిందో చూడండి. అందులో రెండు రకాలు ఉంటాయి. అవి పడే కారణాలు పూర్తిగా వేరు.

ఎంసీబీ: సన్నగా ఉంటుంది, గది గదికీ ఒకటి. కరెంటు మోతాదు మించినా, ఫేజ్ నేరుగా న్యూట్రల్‌కో ఎర్త్‌కో తగిలి షార్ట్ అయినా ఇది పడుతుంది.

ఆర్‌సీసీబీ: వెడల్పుగా ఉంటుంది, దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. ఇంట్లోకి ఫేజ్ మీద వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ మీద తిరిగి రావాలి. అందులో కొంత ఎర్త్ లోకి జారిపోతే ఇది పడుతుంది. ఇళ్లలో వాడేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లది. చాలా ఇళ్లలో మొత్తానికి ఇది ఒక్కటే ఉంటుంది కాబట్టి, గీజర్ వేస్తే ఇల్లంతా చీకటవుతుంది.

ఇల్లంతా పోయిందంటే దాదాపు ఎప్పుడూ ఆర్‌సీసీబీయే. అంటే గీజర్‌లో ఎక్కడో కరెంటు ఎర్త్ లోకి లీకవుతోంది. ఇది పడటం వల్లే కుళాయి ముట్టుకున్నవారికి షాక్ కొట్టలేదని గుర్తుంచుకోండి. దాన్ని తీసేసి డైరెక్టుగా కలిపి స్నానం చేయాలన్న ఆలోచన ఎవరు చెప్పినా వినకండి.

గీజర్ ఎంసీబీ ఒక్కటే పడుతుంటే దాని మీద రాసిన అంకె చూడండి. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్లదైతే 13 ఆంపియర్లు. లైట్ల కోసం పెట్టిన 6 ఆంపియర్ల ఎంసీబీ మీద గీజర్ నడిపితే, కాసేపు ఓర్చుకుని పడిపోతుంది. అప్పుడు గీజర్ తప్పేమీ లేదు. దానికి 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ, దానికి తగిన మందం వైరు, విడిగా లైను ఉండాలి. వైరు మార్చకుండా ఎంసీబీ ఒక్కటి పెద్దది వేయడం మాత్రం వద్దు. అప్పుడు బ్రేకర్ పడదు, గోడలో వైరు కాలుతుంది.

## 2. ఎంతసేపటికి పడుతోందో గమనించండి

పడే సమయాన్ని బట్టి సగం రోగం తెలిసిపోతుంది.

స్విచ్ వేసిన మరుక్షణమే ఆర్‌సీసీబీ పడితే: ఎలిమెంట్ లీకేజీ, లేదా టెర్మినళ్ల దగ్గర తడి. ఎక్కువ కేసులు ఇవే.

స్విచ్ వేసిన మరుక్షణమే ఎంసీబీ టప్పున పడితే: షార్ట్. ఎలిమెంట్ పగిలి ఉండొచ్చు, లోపలి వైరు కాలి బాడీకి తగిలి ఉండొచ్చు, ప్లగ్ లోపల కరిగి ఉండొచ్చు.

ఐదు పది నిమిషాలు నడిచి ఆర్‌సీసీబీ పడితే: వేడెక్కాక తెరుచుకునే సన్నని పగులు ఎలిమెంట్‌లో ఉండొచ్చు. లేదా వాషర్ దగ్గర నీళ్లు కారి టెర్మినళ్లను చేరుతుండొచ్చు.

పావుగంట నడిచి ఎంసీబీ పడితే: లోడ్ ఎక్కువైంది, లేదా ఎంసీబీ దగ్గర స్క్రూ వదులై అక్కడే వేడి పుడుతోంది. ఎంసీబీ పక్కన కాలిన వాసన, వైరు తొడుగు రంగు మారడం దీనికి గుర్తు.

ఇంకో సందర్భం చాలామందిని తికమక పెడుతుంది. గీజర్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంటుంది, మిక్సీయో ఐరన్ బాక్సో వేస్తే ఆర్‌సీసీబీ పడుతుంది. మిక్సీని అనుమానిస్తారు. గోడ స్విచ్ ఆపేది ఫేజ్‌ను మాత్రమే. గీజర్ న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎలిమెంట్ లీకవుతుంటే, మిక్సీ నుంచి న్యూట్రల్ మీద తిరిగొచ్చే కరెంటులో కొంత ఆ దారిన ఎర్త్‌లోకి పోతుంది. గీజర్ ప్లగ్ పూర్తిగా పీకేసి చూడండి. అప్పుడు పడకపోతే దొంగ గీజరే.

## 3. గీజర్ విప్పకముందు చేసే పరీక్ష

దీనికి మీటర్ అక్కర్లేదు.

1. గోడ స్విచ్ ఆపి గీజర్ ప్లగ్ పీకేయండి.
2. బ్రేకర్ పైకి లేపి, ఖాళీ సాకెట్ స్విచ్ వేయండి. ఇప్పుడూ పడితే గీజర్‌కు సంబంధం లేదు. సాకెట్, గోడలోని వైరు చూడాలి. బాత్రూమ్ గోడ చెమ్మ సాకెట్ పెట్టెలోకి చేరడం మామూలే.
3. పడకపోతే, అదే సాకెట్‌లో ఐరన్ బాక్స్ పెట్టి వేయండి. దీనికీ పడితే వైరింగ్ లోపం. ముఖ్యంగా ఈమధ్యే వైరింగ్ మార్చి, ఇంట్లో రెండు ఆర్‌సీసీబీలు పెట్టుకున్నవారు గమనించాలి. ఒకదాని ఫేజ్, ఇంకోదాని న్యూట్రల్ గీజర్ సాకెట్‌కు వస్తే, గీజర్ ఎంత బాగున్నా వేసిన వెంటనే పడి తీరుతుంది.
4. ఐరన్ బాక్స్ నడిచింది, గీజర్‌కు మాత్రం పడుతోంది అంటే లోపం గీజర్‌లోనే. ఇక మూత తీయొచ్చు.

ఐరన్ బాక్స్ కూడా లీకవుతుంటే ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. అది వేరే సాకెట్‌లో బాగా నడుస్తోందని ముందే చూసుకోండి.

## 4. మూత తీసేముందు

కావలసినవి:

- డిజిటల్ మల్టీమీటర్, మామూలుదైనా సరే
- స్టార్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, స్పానర్ల సెట్టు
- ఇన్సులేషన్ టేపు, పొడి గుడ్డ, టార్చి
- గట్టి స్టూలు, రబ్బరు చెప్పులు
- వైర్లను ఫోటో తీసుకోవడానికి ఫోను

భద్రత కోసం తప్పకుండా చేయాల్సినవి:

- గీజర్ ఎంసీబీ దించండి. ఇంట్లో ఇంకెవరూ లేపకుండా దాని మీద టేపు అంటించండి.
- ప్లగ్ పీకి, కళ్ల ముందు వేలాడేలా పెట్టుకోండి. ప్లగ్ లేకుండా నేరుగా గోడలోని వైరుకు కలిపి ఉంటే మెయిన్ దించండి.
- మూత తీశాక మల్టీమీటర్‌ను 600 లేదా 750 వోల్టుల ఏసీ దగ్గర పెట్టి, గీజర్‌లోకి వచ్చే వైర్ల దగ్గర ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూడండి. మూడూ సున్నా కావాలి. ముందుగా బతికి ఉన్న ఒక సాకెట్‌లో మీటర్ 230 దరిదాపుల్లో చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. లైటు వెలిగే టెస్టర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.
- నేల తడి లేకుండా తుడవండి. నీళ్లు చల్లారేదాకా ఆగండి.

ఇందులో ఏదైనా చేయడానికి జంకుగా ఉంటే ఆ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. అయినా కింది కొలతలు చదివి ఉంచుకోండి, ఆయన్ని ఏం అడగాలో తెలుస్తుంది.

## 5. మూత తీయగానే కళ్లతో వెతకాల్సినవి

నిలువు గీజర్‌కు కింది మూత స్క్రూలు తీస్తే ఒక గుండ్రటి లోహపు ప్లేటు కనిపిస్తుంది. దానికే ఎలిమెంట్ బిగించి ఉంటుంది. ఎలిమెంట్ రెండు కొనలు బయటికి పొడుచుకొచ్చి, వాటికి వైర్లు తగిలించి ఉంటాయి. పక్కనే థర్మోస్టాట్, నీళ్లు మితిమీరి కాగితే కరెంటు ఆపేసే కటౌట్, ప్లేటుకు బిగించిన పచ్చ ఎర్త్ వైరు ఉంటాయి.

ఏ వైరూ ఊడదీయకముందే రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీసుకోండి. తరువాత టార్చి వేసి నిదానంగా చూడండి.

- ఎలిమెంట్ కొనల చుట్టూ తెల్లటి లేదా పచ్చటి ఉప్పు పేరుకుందా? అక్కడి నుంచి నీళ్లు ఊరుతున్నాయన్నమాట.
- ప్లేటు అంచున, వాషర్ కింద నీటి చార ఉందా?
- టెర్మినల్ దగ్గర ప్లాస్టిక్ నల్లబడిందా, వైరు తొడుగు పెళుసుగా విరుగుతోందా?
- థర్మోస్టాట్ నుంచి ట్యాంకులోకి వెళ్లే సన్నని రాగి గొట్టం ఏదైనా టెర్మినల్‌కు తగులుతోందా?

ఆ చివరిదాన్ని చాలామంది చూడరు. వేడిని పసిగట్టే ఆ గొట్టం ట్యాంకు లోహానికి ఆనుకుని ఉంటుంది, అంటే ఎర్త్‌తో సమానం. ఇంతకుముందు రిపేరు చేసినప్పుడు సరిగా మడవకపోతే, మూత బిగించగానే వంగి ఫేజ్ టెర్మినల్‌కు తగులుతుంది. మూత తీస్తే బాగానే ఉంటుంది, పెడితే బ్రేకర్ పడుతుంది. థర్మోస్టాట్ వల్ల బ్రేకర్ పడే అరుదైన సందర్భాల్లో ఇదొకటి. రెండోది, వాషర్ నుంచి కారిన నీళ్లు థర్మోస్టాట్ మీద పడి తడవడం.

## 6. ఎలిమెంట్ పరీక్ష

ముందు ఎలిమెంట్ రెండు కొనల నుంచీ వైర్లు పూర్తిగా ఊడదీయాలి. ఒక్కటే తీసినా, అసలు తీయకపోయినా మీటర్ చూపించే అంకెలో ఇండికేటర్ లైటు, థర్మోస్టాట్, పాత వైర్లు అన్నీ కలిసిపోతాయి.

6.1 మీటర్‌ను సరిచూసుకోండి. 200 ఓమ్స్ దగ్గర పెట్టి రెండు ప్రోబ్‌లనూ ఒకదానికొకటి తాకించండి. 0.3, 0.5 లాంటి అంకె వస్తుంది. అది వైర్లదే, తరువాత వచ్చే కొలతలోంచి తీసేయండి.

6.2 కొన నుంచి కొనకు. రెండు ప్రోబ్‌లను ఎలిమెంట్ రెండు కొనల మీద పెట్టండి. ఎంత రావాలో లెక్క సులువే:

```
230 × 230 ÷ 2000 = 26.45
230 × 230 ÷ 3000 = 17.6
```

2000 వాట్లకు 25 నుంచి 28 ఓమ్స్ మధ్య వస్తే తీగ బాగానే ఉంది. మీటర్ మీద OL అనో, ఎడమ చివర ఒంటరిగా 1 అనో వస్తే తీగ తెగింది. తెగిన ఎలిమెంట్ వేడెక్కదు. రావాల్సినదాని కంటే బాగా తక్కువగా, రెండు మూడు ఓమ్స్ వస్తే లోపల షార్ట్ అయింది, ఎంసీబీ పడటానికి అదే కారణం.

ఇక్కడితో ఆగిపోకండి. బ్రేకర్‌ను పడేసే ఎలిమెంట్లలో ఎక్కువ భాగం ఈ పరీక్షలో నెగ్గుతాయి.

6.3 కొన నుంచి ట్యాంకుకు. మీటర్‌ను అన్నిటికంటే పెద్ద ఓమ్స్ రేంజికి తిప్పండి. 2 మెగా ఓమ్స్, లేదా ఉంటే 20 మెగా ఓమ్స్. ఒక ప్రోబ్ ఎలిమెంట్ కొన మీద, ఇంకోటి ఎర్త్ బోల్టు మీద పెట్టండి. ప్లేటు మీద రంగో తుప్పో ఉంటే కొంచెం గీకి మెరిసే లోహం మీద పెట్టండి. ప్రోబ్‌ల కొసలను వేళ్లతో పట్టుకోకండి. మన ఒంటి నిరోధమే మీటర్‌లో కనిపించి లేని లీకేజీ చూపిస్తుంది.

ఎలిమెంట్ లోపల తీగ ఒకటి, బయట రాగి గొట్టం ఒకటి, మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి ఉంటుంది. ఆ పొడే ఇన్సులేషన్. ఆ పొడికి తడి తగలనంతకాలం మీటర్ OL చూపాలి. వచ్చే అంకెను ఇలా చదవండి:

- OL వస్తే: చాలావరకు బాగున్నట్టే. పూర్తిగా కాదు, 6.4 చూడండి.
- 1 మెగా ఓమ్ పైన వస్తే: ఫర్వాలేదు.
- వందల కిలో ఓమ్స్ వస్తే: తడి చేరుతోంది. ఇప్పటికి బ్రేకర్ నిలబడవచ్చు, రోజులు గడిచేకొద్దీ నిలవదు.
- 15 కిలో ఓమ్స్ లోపు వస్తే: బ్రేకర్ పడేది దీనివల్లే.

ఆ చివరి అంకె ఎక్కడిదంటే, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడొచ్చు. 230 వోల్టులను 15 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే సుమారు 15 కిలో ఓమ్స్, 30తో భాగిస్తే సుమారు 7.7 కిలో ఓమ్స్. ఇంట్లో ఫ్రిజ్, కంప్యూటర్ల నుంచి ఇప్పటికే కాస్త లీకేజీ ఉంటే, గీజర్ నుంచి అంతకంటే తక్కువ జారినా చాలు.

రెండో కొన నుంచీ కొలవండి. రెండిటికీ దాదాపు ఒకే అంకె వస్తుంది, ఎందుకంటే వాటి మధ్య ఉన్నది 26 ఓమ్స్ మాత్రమే. అందుకని పగులు ఏ కొన దగ్గరుందో ఈ కొలతతో తేలదు.

అంకె నిలకడగా లేకుండా మెల్లగా పెరుగుతూ తగ్గుతూ ఉన్నా, ప్రోబ్‌లు అటూ ఇటూ మార్చితే వేరే అంకె వచ్చినా మీటర్ పాడైందని అనుకోకండి. నీళ్లు లోపలికి చేరాయనడానికి అదే గట్టి సాక్ష్యం. తడి, రెండు లోహాలు కలిస్తే చిన్నపాటి బ్యాటరీ తయారై మీటర్‌ను అలా ఊగిస్తుంది.

6.4 మల్టీమీటర్ చూపించలేనిది. మల్టీమీటర్ పరీక్షించేది కొద్ది వోల్టులతోనే. ఆ కొద్ది ఒత్తిడికి OL చూపించే సన్నని పగులు 230 వోల్టుల దగ్గర లీకవ్వొచ్చు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయిన పగులు వేడికి తెరుచుకోవచ్చు కూడా. అందుకని మీటర్‌లో OL వచ్చి, బ్రేకర్ ఇంకా పడుతుంటే రెండు మార్గాలున్నాయి.

ఒకటి, ఎక్కువ వోల్టేజీ పెట్టి ఇన్సులేషన్‌ను కొలిచే మెగ్గర్ అనే మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 500 వోల్టుల దగ్గర కొలిపించడం. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఎలిమెంట్ మార్చాలి.

రెండోది, ఎలిమెంట్‌ను పక్కకు తప్పించి చూడటం. ఊడదీసిన రెండు వైర్ల కొసలకూ విడివిడిగా టేపు దట్టంగా చుట్టి, దేనికీ తగలకుండా వదలండి. మూత బిగించి, గీజర్‌కు దూరంగా నిలబడి ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. బ్రేకర్ నిలబడితే తప్పు ఎలిమెంట్‌దే. అప్పటికీ పడితే థర్మోస్టాట్, లోపలి వైర్లు, ప్లగ్ వైరు వీటిలో ఉంది. మళ్లీ ముట్టుకునే ముందు ప్లగ్ పీకి, వోల్టేజీ సున్నా అని చూసుకోవడం మరవొద్దు.

## 7. థర్మోస్టాట్, కటౌట్ పరీక్ష

వీటికి తగిలించిన వైర్లు కూడా ఊడదీయండి. మూడు పరీక్షలు చాలు.

మూసుకుంటోందా: నీళ్లు చల్లగా ఉన్నప్పుడు నాబ్‌ను పూర్తిగా ఎక్కువ వైపు తిప్పి, రెండు టెర్మినళ్ల మధ్య 200 ఓమ్స్ రేంజిలో కొలవండి. 1 ఓమ్ లోపు రావాలి. ఐదారు ఓమ్స్ వస్తే లోపలి కాంటాక్టులు కాలాయి, అక్కడ వేడి పుడుతుంది. OL వస్తే థర్మోస్టాట్ పోయింది. కానీ అప్పుడు మీ సమస్య నీళ్లు కాగకపోవడం అయ్యుండాలి, బ్రేకర్ పడటం కాదు.

తెరుచుకుంటోందా: గొట్టం కొసను ట్యాంకు నుంచి జాగ్రత్తగా బయటికి లాగి, నాబ్ మధ్యలో పెట్టి, స్టవ్ మీద కాచిన వేడినీళ్ల గిన్నెలో ముంచండి. కాసేపటికి టిక్కుమని శబ్దం వచ్చి మీటర్ OL కావాలి. బయటికి తీసి చల్లారనిస్తే మళ్లీ టిక్కుమని కలవాలి. మరిగే నీళ్లలో పెట్టినా తెరుచుకోకపోతే కాంటాక్టులు అతుక్కుపోయాయి. అలాంటిదాన్ని ఒక్క పూట కూడా వాడకూడదు. ట్యాంకులో నీళ్లు మరిగే దాకా కరెంటు ఆగదు, కటౌట్ ఒక్కటే ఆపాలి. గొట్టాన్ని గట్టిగా మడవకండి. అందులోని ద్రవం కారిపోతే థర్మోస్టాట్ పనికిరాదు.

బాడీకి లీకవుతోందా: పెద్ద రేంజిలో ఒక ప్రోబ్ టెర్మినల్ మీద, ఇంకోటి దాని లోహపు గొట్టం మీద పెట్టండి. OL రావాలి. ఏ అంకె వచ్చినా తడో, కాలిన ప్లాస్టిక్కో దారి ఇస్తున్నట్టు. తడి మాత్రమే అయితే ఆరబెట్టి మళ్లీ కొలవొచ్చు. నల్లగా కాలిన చార ఉంటే మార్చాల్సిందే.

కటౌట్‌కు మధ్యలో చిన్న బటన్ ఉంటుంది. మామూలుగా దాని రెండు టెర్మినళ్ల మధ్య 1 ఓమ్ లోపు రావాలి. OL వస్తే బటన్ నొక్కి చూడండి. నొక్కగానే కలిస్తే, అది ఎందుకు పడిందన్నది వెతకాలి. చాలాసార్లు పైన చెప్పిన అతుక్కున్న థర్మోస్టాటే కారణం.

## 8. ఒక ఇంటి గీజర్ అంకెలు

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఒక ఫ్లాట్. 15 లీటర్ల, 2000 వాట్ల గీజర్. వేసిన క్షణంలోనే ఆర్‌సీసీబీ పడుతోంది. థర్మోస్టాట్ అప్పటికే ఒకసారి మార్చారు.

ప్లగ్ పీకితే సాకెట్ దగ్గర ఏ ఇబ్బందీ లేదు, ఐరన్ బాక్స్ నడిచింది. మూత తీస్తే ఒక ఎలిమెంట్ కొన చుట్టూ తెల్లటి ఉప్పు గింజల్లా పేరుకుని ఉంది. కొన నుంచి కొనకు మీటర్ 27.1 చూపింది. ప్రోబ్‌ల 0.4 తీసేస్తే 26.7. తీగ బ్రహ్మాండంగా ఉంది. మొదటి మెకానిక్ చూసి వదిలేసింది ఈ అంకెనే.

కొన నుంచి ఎర్త్ బోల్టుకు కొలిస్తే 5 నుంచి 7 కిలో ఓమ్స్ మధ్య ఊగుతోంది. 5.8 అనుకుందాం. ఫేజ్ కొన దగ్గర లీకయితే 230 ÷ 5800, అంటే సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఆర్‌సీసీబీ పడక తప్పదు. కొత్త థర్మోస్టాట్ 0.2 ఓమ్స్, గొట్టానికి OL. దాని తప్పేమీ లేదు.

ఎలిమెంట్ బయటికి తీస్తే గొట్టం మీద వేలి మందాన గార. ఒక వంపు దగ్గర గార పెచ్చు ఊడితే కింద వెంట్రుక లాంటి చీలిక కనిపించింది. గార కప్పేసిన చోట వేడి నీళ్లలోకి పోలేక గొట్టమే మితిమీరి కాగి, చివరకు పగులుతుంది. గార వదిలించినా ఆ ఎలిమెంట్ పనికిరాదు.

## 9. ఆరబెట్టాలా, మార్చాలా

నెలల తరబడి వాడని గీజర్‌లో గొట్టానికి పగులే లేకుండా లీకేజీ రావొచ్చు. మెగ్నీషియం ఆక్సైడ్ పొడికి గాలిలో తేమను పీల్చే గుణముంది. కొనల దగ్గరి సీలు పాతబడితే వానాకాలం చెమ్మ లోపలికి చేరుతుంది. కార్తీకంలో కనిపించే కేసుల్లో ఇవి కొన్ని ఉంటాయి.

గొట్టం మీద పగులు, పొంగు, నల్లమచ్చ ఏమీ లేకపోతే ఒకసారి ఆరబెట్టి చూడొచ్చు. ఎలిమెంట్‌ను బయటికి తీసి, గార తుడిచి, మంచి ఎండలో రెండు రోజులు పెట్టండి. మధ్యమధ్యలో జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌తో కొనల దగ్గర వేడిగాలి కొట్టండి. తరువాత 6.3 మళ్లీ చేయండి. OL వచ్చి, వీలైతే మెగ్గర్‌తో కూడా 1 మెగా ఓమ్ దాటితే తిరిగి బిగించవచ్చు.

ఆరబెట్టడానికి ఎలిమెంట్‌కే కరెంటు ఇవ్వడం మాత్రం వద్దే వద్దు. నీళ్లు లేకుండా కొద్ది క్షణాల్లోనే ఎర్రగా కాలి పగులుతుంది, పట్టుకున్నవారికి షాక్ ప్రమాదం వేరే.

ఆరబెట్టినా కిలో ఓమ్స్‌లోనే ఉంటే మార్చేయండి. ఎలిమెంట్ ఖరీదు గీజర్ ఖరీదుతో పోలిస్తే చిన్నది.

## 10. ఎలిమెంట్ మార్చే క్రమం

1. ప్లగ్ పీకి, గీజర్‌కు వచ్చే చన్నీళ్ల వాల్వు కట్టేయండి.
2. వేడినీళ్ల కుళాయి తెరిచి ఉంచండి. దీనినుంచి నీళ్లు ఎక్కువ రావు, గాలి లోపలికి వెళ్లడానికే ఇది.
3. కింద పెద్ద బకెట్ పెట్టి, చన్నీళ్లు లోపలికి వెళ్లే పైపు ఊడదీయండి. నిలువు గీజర్‌లో ట్యాంకు నీళ్లు ఇటు నుంచే దిగుతాయి. అక్కడి సేఫ్టీ వాల్వు నీళ్లను ఆపుతుంటే దాన్ని కూడా విప్పాలి.
4. నీళ్లు పూర్తిగా దిగాక ప్లేటు బోల్టులు ఎదురెదురువి మార్చి మార్చి వదులు చేసి, ఎలిమెంట్‌ను నిటారుగా కిందికి దించండి. అడుగున మిగిలిన నీళ్లు, గార ముద్ద ఒక్కసారిగా పడతాయి, ముఖం పక్కకు పెట్టుకోండి.
5. పాత ఎలిమెంట్‌ను, వాషర్‌ను దుకాణానికి తీసుకెళ్లండి. వాట్లు, పొడవు, వంపు ఆకారం, బోల్టు రంధ్రాలు అన్నీ సరిపోవాలి. వాషర్ కొత్తదే కొనండి. ప్లేటుకు బిగించిన మెగ్నీషియం కడ్డీ సన్నగా అరిగిపోయి ఉంటే అదీ మార్చండి. అది లేకపోతే తుప్పు ట్యాంకును తింటుంది.
6. కొత్త ఎలిమెంట్‌ను దుకాణంలోనే 6.2, 6.3 పద్ధతిలో కొలిపించుకోండి.
7. ట్యాంకు అడుగున చేరిన గార చేత్తో తీసి, కొత్త వాషర్‌తో ప్లేటు బిగించండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తేనే వాషర్ సమంగా కూర్చుంటుంది.
8. పైపు కలిపి వాల్వు తెరవండి. వేడినీళ్ల కుళాయిలో గాలి బుడగలు పోయి నీళ్లు ధారగా వచ్చేదాకా ఆగండి. అప్పటిదాకా కరెంటు ఇవ్వకూడదు.
9. పది నిమిషాలు ఆగి, వాషర్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి లేకపోతేనే ఫోటో చూసుకుంటూ వైర్లు కలపండి. ఎర్త్ వైరు బోల్టు గట్టిగా బిగించండి.
10. ప్లగ్‌లోని లావు పిన్నుకూ ట్యాంకు ప్లేటుకూ మధ్య కొలవండి. 1 ఓమ్ లోపు రావాలి. రాకపోతే ఎర్త్ తెగింది. ఈసారి ఎలిమెంట్ లీకయితే ఆర్‌సీసీబీ ముందుగా పడదు, ఎవరైనా ముట్టుకున్నాకే పడుతుంది.

## 11. చాలామంది చేసే పొరపాట్లు

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎలిమెంట్ మీద ఫేజ్, న్యూట్రల్ వైర్లు అటూ ఇటూ మార్చడం. లీకేజీ ఒక కొనకు దగ్గరగా ఉంటే, ఆ కొనకు న్యూట్రల్ కలపగానే అక్కడ వోల్టేజీ దాదాపు ఉండదు, బ్రేకర్ నిలబడుతుంది. రిపేరు అయిపోయిందనిపిస్తుంది. పగులు అలాగే ఉంటుంది. గోడ స్విచ్‌కు ముందే ఫేజ్, న్యూట్రల్ వైర్లు తిప్పితే మరీ ఘోరం. స్విచ్ ఆపినా ఎలిమెంట్‌కు ఫేజ్ తగిలే ఉంటుంది.

ఎర్త్ వైరు తీసేయడమూ ఇలాంటిదే. బ్రేకర్ పడటం ఆగుతుంది, లీకయ్యే కరెంటు నీళ్లలోనూ కుళాయిలోనూ ఉంటుంది.

పడ్డ బ్రేకర్‌ను పదే పదే లేపడం వల్ల కూడా లాభం లేదు. ఒకసారి లేపి చూడండి, మళ్లీ పడితే ప్లగ్ పీకండి. షార్ట్ ఉన్నప్పుడు ప్రతిసారీ బ్రేకర్ కాంటాక్టులు కొంత కాలతాయి.

ఎలిమెంట్ మార్చాక కూడా ఆర్‌సీసీబీ పడుతుంటే, ఎలిమెంట్‌ను పక్కకు తప్పించే పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడు నిలబడితే కొత్త ఎలిమెంట్‌నే మెగ్గర్‌తో కొలిపించండి. నిలబడకపోతే ప్లగ్ నుంచి గీజర్‌కు వచ్చే వైరు చూడండి. మూత అంచు కింద నలిగి తొడుగు చిట్లి ఉంటుంది. మూత స్క్రూలు బిగించేటప్పుడు వైరు దాని గాడిలోనే కూర్చుందో లేదో వేలితో తడిమి చూసుకోండి.